బిళ్లల కామెంటు పైన, మీటరు కామెంటు కింద: ఒక రొయ్యల చానల్ ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

ఉండి ఊరి పక్కన మా బాబాయ్ గారికి వెనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. ఆయన గట్టు మీద నిలబడి తనకు తెలిసినది చెబుతారు, నేను ఫోనుతో తీసి యూట్యూబులో పెడతాను. చూసేవాళ్ళలో ఎక్కువమంది భీమవరం, ఆకివీడు, కాళ్ల, కలిదిండి వైపు రైతులు, వారి చెరువులు చూసే కుర్రాళ్ళు. ఈ మధ్య పెట్టిన వీడియోలో బాబాయ్ గారు తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో వివరించారు. పగలు నీటిలోని నాచు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. అందువల్ల సూర్యోదయానికి కాస్త ముందు రీడింగు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. కాబట్టి ఆ వేళకే మీటరు పెట్టి చూడాలని, అది లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గుతోందంటే ప్రమాదమని, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ముందే తిప్పాలని ఆయన చెప్పారు.

వీడియో కింద మొదటి స్థానంలో నిలిచిన కామెంటు మాత్రం ‘ఏరేటర్లకు కరెంటు బిల్లు ఎవరు కడతారండీ, ఆక్సిజన్ బిళ్లలు చల్లితే సరి’ అన్నది. బిళ్లలు అత్యవసరంలో కొద్దిసేపు ఆదుకుంటాయి తప్ప రాత్రంతా చెరువును నిలబెట్టవు. వీడియోలో చెప్పినదానికి ఎదురుగా ఉన్న మాట వీడియో కిందే మకుటంలా కూర్చుంది. బాబాయ్ గారు ఫోను చూసి, “చెరువు నాది, మాట ఆయనదీనా? పైన కూర్చోబెట్టింది ఎవర్రా?” అన్నారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు వెతకడమే ఈ డైరీలోని పని. జవాబు దొరికితే, ఆ చోటును బెదిరింపులూ తొలగింపులూ లేకుండా ఎలా వాడుకోవాలన్నది రెండో భాగం.

పైకి ఎలా వచ్చింది

కామెంట్లను యూట్యూబ్ రెండు వరుసల్లో చూపిస్తుంది. ‘న్యూయెస్ట్’ వరుసలో లెక్క సులువు, కొత్తది పైన ఉంటుంది. ఏదీ ఎంచుకోనివారికి కనిపించేది ‘టాప్’ వరుస. దాని సూత్రాన్ని సంస్థ బయటపెట్టలేదు. లైకులు ఎక్కువ ఉన్నదే పైన ఉంటుందని చాలామంది అనుకుంటారు కానీ, తక్కువ లైకులున్న కామెంటు ఎక్కువ లైకులున్నదాని పైన నిలిచిన సందర్భాలు ఏ వీడియో కింద చూసినా కనిపిస్తాయి. అంతేకాక ఆ వరుస అందరికీ ఒకేలా రాదు. మనం అప్పుడే రాసిన కామెంటు మనకు పైన కనబడి, పక్కవాడి ఫోనులో ఎక్కడో అడుగున ఉంటుంది. అందుకే వరుసను పరీక్షించేటప్పుడు చానల్ ఖాతాతో చూడకూడదని, లాగిన్ కాని ఫోనులో చూడాలని ముందే నియమం పెట్టుకున్నాను.

బయటపెట్టని సూత్రాన్ని ఊహించే బదులు, బయటపెట్టిన సూత్రం ఒకటి చదివితే సమస్య ఎక్కడుందో తెలుస్తుంది. 2009లో రెడ్డిట్ అనే చర్చా వేదిక తన ‘బెస్ట్’ వరుసకు ఎడ్విన్ విల్సన్ 1927లో ప్రతిపాదించిన గణాంక పద్ధతిని తీసుకుంది. ఓట్ల శాతాన్ని ఉన్నదున్నట్టు నమ్మకుండా, ఇంత తక్కువ ఓట్లతో మనం కనీసం ఎంత శాతాన్ని ధైర్యంగా నమ్మవచ్చో లెక్క కట్టడం ఆ పద్ధతి. 95 శాతం నమ్మకంతో లెక్క వేస్తే, ఒకే ఓటు పడి అది అనుకూలమైన కామెంటుకు దాదాపు 0.21 వస్తుంది. పదికి పది అనుకూలమైనదానికి 0.72, డెబ్భైలో అరవై అనుకూలమైనదానికి 0.76 వస్తాయి. అంటే ఆలస్యంగా వచ్చి పది ఓట్లే సంపాదించిన మంచి కామెంటు, ఎప్పుడో వచ్చి డెబ్భై ఓట్లు పోగేసుకున్నదాన్ని దాదాపు అందుకోగలదు.

ఈ లెక్కకు వ్యతిరేక ఓట్లు కూడా కావాలి. యూట్యూబులో కామెంటుకు పడిన డిస్‌లైకుల సంఖ్య మనకు కనబడదు. ఆ కామెంటును ఎంతమంది చూసి లైకు కొట్టకుండా వెళ్ళిపోయారో అసలే కనబడదు. మనకు మిగిలేది లైకుల మొత్తం ఒక్కటే, ఆ మొత్తం వయసును బట్టి పెరుగుతుంది. ముందు వచ్చినవాడు పైన కూర్చుంటాడు, పైన ఉన్నాడు కాబట్టి చూస్తారు, చూశారు కాబట్టి లైకు కొడతారు, ఆ లైకు వల్ల మళ్ళీ పైనే ఉంటాడు. బిళ్లల కామెంటు వీడియో పెట్టిన కాసేపటికే వచ్చింది. దాని బలంలో ఎంత మాటలో ఉంది, ఎంత ముందు రావడంలో ఉంది అన్నది విడదీయాలనుకున్నాను.

వరుసను రాసిపెట్టడం

యూట్యూబ్ డేటా ఏపీఐ ద్వారా కామెంట్లను రెండు వరుసల్లో అడగవచ్చు. ఏమీ చెప్పకపోతే కాలక్రమంలో ఇస్తుంది, `order="relevance"` అని అడిగితే టాప్ వరుసకు దగ్గరగా ఉండే వరుస ఇస్తుంది. ఒక్కో పిలుపుకు ఒక్క యూనిట్ ఖర్చు, రోజుకు మామూలుగా 10,000 యూనిట్లు ఇస్తారు కాబట్టి ఇలాంటి చిన్న పనికి కొరత లేదు. నేను వాడిన ముక్క ఇది:

```python
r = yt.commentThreads().list(
    part="snippet", videoId=VID,
    order="relevance", maxResults=20,
    textFormat="plainText").execute()
for i, t in enumerate(r["items"], 1):
    c = t["snippet"]["topLevelComment"]["snippet"]
    print(i, c["likeCount"],
          t["snippet"]["totalReplyCount"],
          c["publishedAt"], c["textDisplay"][:40])
```

ఇందులో ఒక లోటు ఉంది. ఏ కామెంటుకు హార్ట్ ఇచ్చామో, ఏది పిన్ చేశామో ఏపీఐ చెప్పదు. కాబట్టి హార్ట్ ఇచ్చిన ప్రతిసారీ ఆ సమయాన్ని నేనే ఒక షీటులో చేత్తో రాసుకున్నాను. ఏపీఐ వరుసకూ లాగిన్ కాని ఫోనులో కనబడే వరుసకూ చిన్న తేడాలు వస్తాయి; అందువల్ల ఒక్క స్థానం అటూఇటూ మారితే పట్టించుకోకుండా, స్పష్టమైన కదలికలనే లెక్కలోకి తీసుకున్నాను.

రోజుకు మూడు పూటలా ఇలా తీసిన పట్టీలను పక్కపక్కన పెట్టినప్పుడు మొత్తాల కంటే పెరుగుదల ఎక్కువ చెప్పింది. ఒక ఉదయం నుంచి సాయంత్రానికి బిళ్లల కామెంటు లైకులు 46 నుంచి 49కి వెళ్ళాయి. అదే వేళకు ఏడో స్థానంలో ఉన్న మరో కామెంటు 3 నుంచి 14కి వెళ్ళింది. ఆకివీడు వైపు రైతు ఒకరు రాసినది అది: ‘ఎకరంన్నర చెరువు, పిల్ల వేసి 62 రోజులు, తెల్లవారుజామున 4:40కి అడుగున 3.1, పైన 3.9. మబ్బు పట్టి మూడో రోజు.’ వీడియోలో చెప్పినదాన్ని తన చెరువులో కొలిచి చూపిన మాట ఇది, పైగా అడుగుకూ పైకీ తేడా పట్టుకున్నారు. చూసినవాళ్ళు దానికే లైకు కొడుతున్నారు కానీ, అక్కడిదాకా కిందికి వెళ్ళేవాళ్ళు తక్కువ.

ఇంకో సంగతి కూడా పట్టీలోనే తెలిసింది. బిళ్లల కామెంటుకు లైకులు దాదాపు ఆగిపోయినా జవాబులు ఆగలేదు. ఆయన్ను ఖండించడానికి వచ్చినవాళ్ళందరూ ఆయన కిందే రాస్తున్నారు, ఆ కామెంటు కదలడం లేదు. జవాబుల సంఖ్య వరుసను ఎంత ప్రభావితం చేస్తుందో కొలిచి చెప్పడానికి ఈ పట్టీ చాలదు. అయితే జవాబులు పేరుకున్న కామెంటు దగ్గర చదివేవాడి బొటనవేలు ఆగుతుందన్నది మాత్రం ఎవరి ఫోనులో చూసినా తెలిసేదే. బాబాయ్ గారు అక్కడే గట్టి జవాబు రాయాలని పట్టుబట్టారు. చానల్ యజమాని జవాబిస్తే జవాబుల లెక్క పక్కన చానల్ బొమ్మ కూడా కనిపిస్తుందని, ఆ బొమ్మ చూసి ఇంకా పదిమంది దాన్ని తెరుస్తారని చెప్పి ఆపాను. ఖండన అవసరమే, కానీ అది వేరే చోట ఉండాలి.

పిన్‌లో ఏం రాయాలి

కామెంట్లకు పిన్ చేసే వీలును, హార్ట్ ఇచ్చే వీలును యూట్యూబ్ 2016 నవంబరులో కలిపి తెచ్చింది. పిన్ చేసిన కామెంటు టాప్ వరుస లెక్కతో సంబంధం లేకుండా అన్నిటికంటే పైన ఉంటుంది. వీడియోకు ఒక్కటే పిన్. రెండోది పిన్ చేస్తే మొదటిది తన మామూలు చోటికి వెళ్ళిపోతుంది. కామెంటుకు వచ్చిన జవాబును పిన్ చేయలేము, నేరుగా వీడియో కింద రాసిన కామెంటునే చేయగలం. చూసేవాడికి మన కామెంటునైనా, ఇతరుల కామెంటునైనా ఎవరు పిన్ చేశారో పేరుతో సహా కనిపిస్తుంది.

ఆకివీడు రైతు కామెంటును పిన్ చేయాలన్నది బాబాయ్ గారి మొదటి ఆలోచన. అది మంచి ఆలోచనే కానీ దానికి రెండు అడ్డంకులు కనిపించాయి. ఆయన ఎప్పుడైనా తన కామెంటు తీసేస్తే మన పిన్ కూడా పోతుంది. అంతకంటే ముఖ్యమైనది, ఆ కామెంటు జవాబే తప్ప ప్రశ్న కాదు. తర్వాత వచ్చేవాళ్ళు దాన్ని మెచ్చుకుని వెళ్ళిపోతారు తప్ప, తమ చెరువు సంగతి రాయాలని వారికి తోచదు. చర్చను ఒక దారిలో పెట్టాలంటే పైన ఉండవలసింది అడిగే మాట. కాబట్టి చానల్ పేరుతోనే ఇలా రాసి పిన్ చేశాం:

‘రేపు తెల్లవారుజామున మీ చెరువులో ఆక్సిజన్ ఎంత వచ్చిందో రాయండి: ఎన్ని ఎకరాలు, పిల్ల వేసి ఎన్ని రోజులు, ఎన్ని గంటలకు చూశారు, అడుగున ఎంత. దీనికి జవాబుగా కాకుండా విడిగా కామెంటు రాయండి. బిళ్లల గురించి 6:15 దగ్గర చెప్పాం. అవి అత్యవసరానికే, ఏరేటరుకు బదులు కాదు.’

ఈ నాలుగు వాక్యాలకు పట్టిన సమయం వీడియో కూర్చడానికి కూడా పట్టలేదు. పొడుగు కామెంటును ఫోనులో కొన్ని వరుసల తర్వాత కత్తిరించి, మిగతాది నొక్కితేనే చూపిస్తారు కాబట్టి అడగవలసినది మొదటి వాక్యంలోనే ఉండాలి. ‘మీ అనుభవాలు పంచుకోండి’ అని రాస్తే ‘సూపర్ బాబాయ్’ అనే జవాబులే వస్తాయి. ఏ నాలుగు సంగతులు కావాలో పేరు పేరునా అడిగితే ఆ నాలుగే వస్తాయి. 6:15 అని రాస్తే అది నొక్కగానే వీడియోలో ఆ చోటికి తీసుకెళుతుంది. బిళ్లలాయన పేరు ఎత్తకుండా, ఆయన కామెంటుకు ఇంకో జవాబు చేర్చకుండా, ఆయన మాటకు సమాధానం ఆయన కంటే పైన నిలిచింది.

‘విడిగా రాయండి’ అన్న మాట గురించి మా ఇద్దరికీ కొంత వాదన నడిచింది. అందరూ పిన్ కిందే జవాబులుగా రాస్తే రీడింగులన్నీ ఒకచోట దొరుకుతాయి కదా అన్నారు బాబాయ్ గారు. ఒకచోటే దొరుకుతాయి, కానీ మడతపెట్టి ఉంటాయి. ఎవరైనా నొక్కి తెరిస్తేనే కనబడతాయి. విడి కామెంట్లయితే ఒక్కొక్కటీ స్వయంగా టాప్ వరుసలో పోటీ పడుతుంది, బిళ్లల కామెంటు పక్కన నిలుస్తుంది, రేపు అవసరమైతే దాన్నే పిన్ చేసే వీలూ ఉంటుంది. అనుమానాలు మాత్రమే అడగమనే పిన్ అయితే జవాబులుగా రాయించడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ ప్రశ్న, సమాధానం విడిపోకూడదు.

హార్ట్ ఎవరికి

పిన్ ఒక్కటే అయితే హార్టులకు లెక్క లేదు. ఇచ్చిన కామెంటు కింద చానల్ చిన్న బొమ్మతో ఎర్ర గుండె కనబడుతుంది, రాసినవారికి నోటిఫికేషన్ వెళుతుంది. లెక్క లేదు కాబట్టే దాన్ని పేలాలలా చల్లే చానళ్ళు ఉన్నాయి, అక్కడ హార్టు చూసి చదివేవాడికి తెలిసేది ఏమీ ఉండదు. మేము రీడింగు, సమయం రెండూ ఉన్న కామెంట్లకే హార్ట్ ఇవ్వాలని నిర్ణయించుకున్నాం. రీడింగు మంచిదా చెడ్డదా అన్నది చూడలేదు, 2.6 వచ్చిందని దిగులుగా రాసినవారికీ ఇచ్చాం, 5 వచ్చిందని గర్వంగా రాసినవారికీ ఇచ్చాం. బాబాయ్ గారి మాటతో విభేదించినా, కొలిచి విభేదిస్తే ఇచ్చాం.

ఈ నియమం ఆయనకు మొదట రుచించలేదు. “మెచ్చుకున్నవాళ్ళకు ఒక గుండె బొమ్మ ఇవ్వడానికి మనకేం ఖర్చురా? ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళివ్వనట్టు ఉంటుంది” అన్నారు. మెప్పు రాసినవారికి లైకు కొట్టి, వీలైతే ఒక ముక్క జవాబు రాద్దామని, హార్టును మాత్రం రీడింగులకే గుర్తుగా ఉంచుదామని చెబితే ఒప్పుకున్నారు.

హార్ట్ ఇస్తే కామెంటు పైకి వెళుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. మా పట్టీలో ఆకివీడు కామెంటు హార్ట్ ఇచ్చిన మర్నాటికి ఏడు నుంచి మూడుకు వచ్చింది. దీన్ని చూసి హార్టే ఎత్తిందని రాయడం తేలిక, కానీ మధ్యలో జరిగినది వేరు. నోటిఫికేషన్ వెళ్ళగానే ఆ రైతు తిరిగి వచ్చారు, రెండో రాత్రి రీడింగును కూడా జవాబుగా చేర్చారు, ఇంకెవరో ఆయన ఏరేటర్లు ఎన్ని గుర్రాలవని అడిగారు, ఆయన చెప్పారు, ఈలోగా లైకులూ పెరిగాయి. హార్ట్, జవాబులు, లైకులు అన్నీ ఒకే పూటలో కదిలినప్పుడు దేని వాటా ఎంతో విడదీయలేము. హార్ట్ ఇచ్చాక రాసినవారు తిరిగి రాని కామెంట్లు కూడా పట్టీలో ఉన్నాయి, అవి చెప్పుకోదగ్గంత కదల్లేదు. కామెంటును హార్ట్ కదిలిస్తుందనే కంటే, రాసిన మనిషిని కదిలిస్తుందని, ఆ మనిషి తిరిగి వస్తే కామెంటు కదులుతుందని నేను అనుకుంటున్నాను.

అంతకంటే స్పష్టంగా కనిపించిన ఫలితం చదివేవాళ్ళ మీద. పిన్ పెట్టి హార్టులు మొదలుపెట్టాక వచ్చిన రీడింగు కామెంట్లు దాదాపు ఒకే అచ్చులో ఉన్నాయి: ఎకరాలు, రోజులు, సమయం, అడుగు రీడింగు. పిన్ చదవనివాళ్ళు కూడా హార్టు పడినవాటిని చూసి అలాగే రాశారు. సమయం రాయకుండా రీడింగు మాత్రమే రాసిన ఒకాయన, కింద వాటికి హార్టులు చూసి, తన కామెంటు కింద జవాబుగా ‘4:15కి’ అని మాత్రం చేర్చి ఊరుకున్నారు.

దిద్దితే పోయే గుండె

హార్ట్ పడిన కామెంటును రాసినవారు దిద్దితే హార్ట్ పోతుంది. దీని వెనుక న్యాయం ఉంది: ఒక మాటకు ఇచ్చిన గుర్తు ఇంకో మాటకు అంటుకోకూడదు. మందుల ఏజెంట్ల విషయంలో ఇది మాకు బాగా పనికొచ్చింది. ఒకాయన ముందు బుద్ధిగా రీడింగు రాసి హార్ట్ వచ్చాక, అదే కామెంటులో తాను అమ్మే సరుకు పేరు, ఫోను నంబరు ఇరికించారు. దిద్దగానే గుండె పోయింది, మిగిలిన ప్రకటనను సమీక్ష కోసం పక్కన పెట్టేశాం. హార్ట్ ఉన్న కామెంటును స్క్రీన్‌షాట్ తీసి ‘బాబాయ్ గారు మెచ్చిన మందు’ అని వాట్సాప్‌లో తిప్పే ప్రమాదం మాత్రం ఉండనే ఉంది, అందుకే సరుకు పేరున్న ఏ కామెంటుకూ మొదటి నుంచీ హార్ట్ ఇవ్వడం లేదు.

అదే నియమం మంచివాళ్ళకు చిక్కు తెచ్చింది. కాళ్ల వైపు రైతు ఒకరు 3.4 బదులు 34 అని పడిందని చూసుకుని దిద్దారు. గుండె మాయమయ్యేసరికి, ‘బాబాయ్ గారికి నా మీద ఏమైనా కోపమా?’ అని కింద రాశారు. మళ్ళీ హార్ట్ ఇచ్చి విషయం చెప్పాం. రాసేవాళ్ళెవరైనా సవరణ ఉంటే కామెంటును దిద్దకుండా దానికి జవాబుగా రాస్తే ఈ చిక్కు ఉండదు. పాత సంఖ్య, కొత్త సంఖ్య రెండూ నిలుస్తాయి కాబట్టి చదివేవాళ్ళకు కూడా అదే మేలు.

ఏజెంట్ల కోసం యూట్యూబ్ స్టూడియో సెట్టింగుల్లో నిషేధిత పదాల పట్టీ ఉంది. అందులోని పదం ఉన్న కామెంటు బయటికి రాకుండా సమీక్షకు ఆగుతుంది. తెలుగు లిపిలో రాస్తే సరిపోదు, మనవాళ్ళు సగం మంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు కాబట్టి `call cheyandi`, `cheyyandi`, `watsapp` లాంటి రూపాలన్నీ చేర్చవలసి వచ్చింది. ‘బిళ్లలు’ అన్న పదాన్ని మాత్రం చేర్చలేదు. చేరిస్తే బిళ్లల మీద నిజమైన అనుమానం అడిగే రైతు కామెంటు కూడా ఆగిపోతుంది, మనం చెప్పదలచిన విషయమే అది. ఆగినవాటిని 60 రోజుల లోపు చూడకపోతే అవి పోతాయి, అందుకే వారానికోసారి ఆ పెట్టె తెరవడం నా పనుల్లో చేరింది.

ప్రస్తుతం ఉన్న స్థితి

తాజా పట్టీలో పిన్ కింద మొదటి స్థానం ఆకివీడు రీడింగుది. బిళ్లల కామెంటు నాలుగుకు దిగింది. దాన్ని మేము తొలగించలేదు, దాచలేదు. దాని కింద కొత్త జవాబులు తగ్గాయి, వచ్చినవాటిలో కొన్ని పైన పిన్‌లో చెప్పిన 6:15నే చూడమంటున్నాయి. పిన్ చేసిన మా కామెంటుకు వచ్చిన లైకులను నేను లెక్కలో కలపడం లేదు, ఎందుకంటే అది సంపాదించిన చోటు కాదు, మేము ఇచ్చిన చోటు.

తర్వాతి పని పిన్ మార్చడం. వచ్చిన రీడింగులను మబ్బు రోజులు, ఎండ రోజులు అని విడదీసి, ఎక్కడ 3 కంటే తగ్గిందో, అక్కడ ఎకరానికి ఎన్ని ఏరేటర్లు తిరుగుతున్నాయో నాలుగు వరుసల్లో రాసి కొత్త పిన్ పెట్టాలని అనుకుంటున్నాం. పాత పిన్ విప్పగానే అది మామూలు వరుసలోకి జారుతుంది, దానితోపాటు ‘విడిగా రాయండి’ అన్న సూచన కూడా కిందికి పోతుంది. కాబట్టి ఆ సూచన కొత్త పిన్‌లో కూడా, ఈసారి మొదటి వాక్యంగా ఉండాలి, ఫలితాలు దాని తర్వాత రావాలి. బాబాయ్ గారు ఫలితాలే ముందు ఉండాలంటున్నారు. రెండు రకాలుగానూ రాసి, లాగిన్ కాని ఫోనులో కత్తిరింపు ఎక్కడ పడుతుందో చూశాక తేల్చుకుంటాం.